కళాశాల రక్తదాన శిబిరానికి నాలుగు వారాల సోషల్ మీడియా ప్రణాళిక: మంచాల లెక్కతో మొదలు

ప్రశ్న: విజయనగరంలో మా డిగ్రీ కళాశాల ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్ తరఫున సెప్టెంబర్ మూడవ వారంలో రక్తదాన శిబిరం పెడుతున్నాము. నిరుడు ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టర్లకు లైకులు చాలా వచ్చాయి, కానీ వచ్చి రక్తం ఇచ్చినవాళ్లు ముప్ఫైమందే. ఈసారి నాలుగు వారాల ముందే ప్రచారం మొదలుపెడదామనుకుంటున్నాము. లక్ష్యం ఎంత పెట్టుకోవాలి, ఏ వేదికలు వాడాలి, ఏ రోజు ఏమి పెట్టాలి, ఫలితాన్ని ఎలా కొలవాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం:

నేను శ్రీకాకుళంలో ఒక డిగ్రీ కళాశాల ఎన్‌ఎస్‌ఎస్ బాధ్యతలు చూస్తూ 12 ఏళ్లుగా ఏటా కనీసం ఒక శిబిరం నిర్వహిస్తున్నాను. మీరు పోస్టర్ గీయించే ముందు చేయవలసిన పని ఒకటి ఉంది. మీ శిబిరానికి వచ్చే రక్తకేంద్రం వారికి ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి: ఎన్ని మంచాలు తెస్తారు, ఎన్ని గంటలు ఉంటారు, ఆ వారంలో వారికి ఎన్ని యూనిట్లు అవసరం. శిబిరాల నిర్వహణకు ఔషధ నిబంధనలలో ఉన్న ప్రమాణం ప్రకారం ఒక వైద్యాధికారి, ఇద్దరు నర్సులు, ఆరు నుంచి ఎనిమిది మంచాలు ఉన్న బృందం మూడు గంటలలో 50 నుంచి 70 మంది దగ్గర, ఐదు గంటలలో 100 నుంచి 120 మంది దగ్గర రక్తం సేకరించగలదు. మీ ప్రచార లక్ష్యానికి ఇదే పైకప్పు. అంతకు మించి జనాన్ని రప్పిస్తే జరిగేది మేలు కాదు.

ఈ మాట నాకు తొలి శిబిరమే నేర్పింది. ఆ ఏడు మేము ప్రతి తరగతిలోనూ, ప్రతి గ్రూపులోనూ "అందరూ రండి" అని పిలిచాము. నాలుగు మంచాలకు దాదాపు 300 మంది వచ్చారు. ఉదయం 10 గంటలకు వరుసలో నిలబడినవారికి మధ్యాహ్నం ఒంటిగంట దాటినా వంతు రాలేదు, భోజనం వేళ కూడా దాటిపోయింది. ఎండలో ఆకలితో నిలబడి, ఆ తరువాత రక్తం ఇచ్చిన ఇద్దరు కళ్లు తిరిగి పడిపోయారు. కాళ్లు ఎత్తి పడుకోబెడితే కొద్ది నిమిషాలలోనే తేరుకున్నారు, కానీ ఎవరో తీసిన పది సెకన్ల వీడియో సాయంత్రానికి అన్ని గ్రూపులకూ చేరింది. మరుసటి ఏడు ఆ ఒక్క వీడియోకు జవాబు చెప్పడానికే మా ప్రచారంలో సగం ఖర్చయింది.

అందుకని లక్ష్యాన్ని మంచం దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్క వేయాలి. మొన్నటి మా శిబిరపు లెక్కలనే ఉదాహరణగా ఇస్తాను. పేరు నమోదు చేసుకున్నవారు 212 మంది, ఆ రోజు వచ్చినవారు 131 మంది, రక్తం ఇచ్చినవారు 94 మంది. మిగిలిన 37 మందిని వైద్యులు వెనక్కి పంపారు. వారిలో 23 మందికి హీమోగ్లోబిన్ చాలలేదు, ఆరుగురి బరువు 45 కిలోల లోపు ఉంది, మిగతా ఎనిమిది మందిలో కొందరు ఏమీ తినకుండా వచ్చారు, కొందరు ఏడాది లోపు పచ్చబొట్టు వేయించుకున్నారు. మీ రక్తకేంద్రం 80 యూనిట్లు కావాలన్నదనుకుందాం. ఇదే నిష్పత్తి వర్తిస్తే దాదాపు 112 మంది రావాలి, అందుకు 180 మంది పేర్లు నమోదు కావాలి. కాబట్టి మీ లక్ష్యం "180 నమోదులు, 112 హాజరు, 80 యూనిట్లు" అనే మూడు అంకెలు. మీ కళాశాల నిష్పత్తి మాది కాకపోవచ్చు. నిరుటి మీ నమోదు పుస్తకం ఉంటే దాని నుంచే లెక్క తీసుకోండి, లేకపోతే ఈ ఏడాది దానితో మొదలుపెట్టండి.

ఇక్కడ చాలామంది మరిచిపోయే సంగతి వయసు. రక్తం ఇవ్వాలంటే 18 ఏళ్లు నిండాలి. ఇంటర్మీడియట్ ముగించి చేరిన మొదటి సంవత్సరం విద్యార్థులలో చాలామందికి సెప్టెంబర్ నాటికి 17 ఏళ్లే ఉంటాయి. మీ కళాశాలలో 1,200 మంది ఉన్నారంటే, ప్రచారం చేరవలసింది రెండవ, మూడవ సంవత్సరాలలోని 800 మందికి అనుకోండి. మొదటి ఏడాది వారికి వేరే సందేశం ఉండాలి: నమోదు బల్ల దగ్గర కూర్చోవడం, రక్తం ఇచ్చినవారికి పండ్ల రసం అందించి పదిహేను నిమిషాలు కూర్చోబెట్టడం వంటి పనులకు వారిని పిలవండి. అందరికీ ఒకే పోస్టర్ పంపితే ఉత్సాహంగా వచ్చిన పిల్లవాడిని గుమ్మం దగ్గర వెనక్కి పంపవలసి వస్తుంది, ఆ చిన్నబుచ్చుకోవడం వాడు మరిచిపోడు.

వేదికల విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. నమోదులు తెచ్చేది వాట్సాప్ సెక్షన్ గ్రూపులు. ఇన్‌స్టాగ్రామ్ సందేహాలు తీర్చడానికి, ఫేస్‌బుక్ తల్లిదండ్రులకు, పూర్వ విద్యార్థులకు పనికివస్తాయి. వీటికి మించి ఇంకో ఖాతా తెరవకండి, ఉన్న చేతులు చాలవు. వాట్సాప్‌లో కూడా కళాశాల అధికారిక గ్రూపులో ప్రిన్సిపాల్ గారి పేరుతో పెట్టిన ప్రకటన కంటే, సెక్షన్ గ్రూపులో సీఆర్ తన సొంత మాటలలో "నేను 11 గంటలకు పేరు ఇచ్చాను, నాతో ఎవరు వస్తారు" అని రాసిన రెండు వాక్యాలే ఎక్కువ మందిని కదిలిస్తాయి. కనుక మొదటి వారంలోనే సీఆర్‌లందరినీ, అమ్మాయిల తరఫున ఒకరిని, అబ్బాయిల తరఫున ఒకరిని కూర్చోబెట్టి అరగంట మాట్లాడండి. పంపవలసిన సమాచారం మీరు ఇవ్వండి, వాక్యాలు మాత్రం వారినే రాసుకోనివ్వండి. ఒకే సందేశం పదిహేను గ్రూపులలో అక్షరం మారకుండా కనబడితే దానిని ఎవరూ చదవరు.

ఫేస్‌బుక్‌ను తక్కువగా చూడవద్దు. మన జిల్లాలలో బొబ్బిలి, గజపతినగరం, చీపురుపల్లి వైపు నుంచి రోజూ బస్సులలో వచ్చే పిల్లలు ఇంట్లో అడగకుండా రక్తం ఇవ్వరు. "నీరసం వచ్చేస్తుందే, వద్దు" అనే అమ్మ మాటకు జవాబు మన రీల్స్‌లో ఉండదు. ఆ ఊళ్లకు తెలిసిన డాక్టరు గానీ, మీ కళాశాలలో ఏళ్లుగా పనిచేస్తున్న పెద్ద లెక్చరర్ గానీ మన యాసలోనే నిమిషంపాటు మాట్లాడిన వీడియో ఒకటి చాలు. అందులో చెప్పవలసింది కొంచెమే: 45 కిలోలు ఉన్నవారి దగ్గర తీసుకునేది 350 మిల్లీలీటర్లు, 55 కిలోలు దాటినవారి దగ్గర 450 మిల్లీలీటర్ల వరకు తీసుకుంటారు. అందులోని ద్రవభాగం ఒకటి రెండు రోజులలో తిరిగి చేరుతుంది, ఎర్ర కణాలకు కొన్ని వారాలు పడుతుంది. అందుకే అబ్బాయిలు 90 రోజులు, అమ్మాయిలు 120 రోజులు ఆగి మళ్లీ ఇవ్వాలని నియమం పెట్టారు. ఇంత వివరంగా చెబితే తల్లులు ఒప్పుకుంటారు. "ఏమీ కాదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే నమ్మరు.

తేదీ విషయం కూడా ప్రచారంలో భాగమే. వారంలో బుధవారం మంచిదని నా అనుభవం. మన వైపు మంగళవారం, శుక్రవారం, శనివారం ఉపవాసం ఉండేవాళ్లు చాలామంది, ఉపవాసంతో వచ్చినవారిని వైద్యులు తీసుకోరు, తీసుకోకూడదు కూడా. అక్టోబర్ 1 జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినం కదా అని కొందరు ఆ రోజే పట్టుబడతారు. విజయనగరంలో కొన్ని ఏళ్లు ఆ రోజులలోనే దసరా సెలవులు, ఆ వెనుకనే పైడితల్లమ్మ సిరిమానోత్సవం హడావిడి ఉంటాయి. పైగా అందరూ ఒకే రోజు ఇస్తే రక్తకేంద్రానికి అది భారం. సాధారణ సంచిలో మొత్తం రక్తం 35 రోజులు, వేరు చేసిన ఎర్ర కణాలు 42 రోజుల వరకు నిలువ ఉంటాయి. ప్లేట్‌లెట్లయితే ఐదు రోజులే. కాబట్టి మీ సెప్టెంబర్ మూడవ వారం బాగానే ఉంది, కానీ ఏ బుధవారం అన్నది రక్తకేంద్రాన్ని అడిగే ఖాయం చేయండి.

ఇక క్యాలెండర్. మొదటి వారం పోస్టర్ వద్దు, శిబిరం తేదీ కూడా ప్రకటించవద్దు. ఇన్‌స్టాగ్రామ్ స్టోరీలో ప్రశ్నల పెట్టె పెట్టి "రక్తం ఇవ్వడానికి మిమ్మల్ని ఆపుతున్నది ఏమిటి" అని అడగండి. మూడు రోజులలో వచ్చిన వాటిని ఒక కాగితం మీద రాసి, ఎక్కువసార్లు వచ్చిన ఐదింటిని ఎంచుకోండి. మా దగ్గర ప్రతి ఏడూ వచ్చేవి ఇవి: సూది నొప్పి, నీరసం, నెలసరి సమయంలో ఇవ్వవచ్చా, బరువు తక్కువ, ఇంట్లో ఒప్పుకోరు. నెలసరి రోజులలో ఇవ్వరాదు, ఆ రోజులు దాటాక ఇవ్వవచ్చు. ఈ జవాబును ఒక అమ్మాయి లేదా మహిళా లెక్చరర్ చెప్పాలి. మైకులో, అందరి ముందూ వద్దు. అమ్మాయిల గ్రూపులో రాతపూర్వకంగా పెడితే చాలు.

రెండవ వారం ఆ ఐదు సందేహాలకు రోజుకొకటి చొప్పున జవాబులు. సోమవారం నుంచి శుక్రవారం వరకు, సాయంత్రం పిల్లలు ఇళ్లకు, హాస్టళ్లకు చేరిన తరువాత, ఏడున్నర ఎనిమిది మధ్య పెట్టండి. ఈ వారంలోనే హీమోగ్లోబిన్ గురించి ఒక పూర్తి పోస్టు ఉండాలి, ఎందుకంటే ప్రచారం విఫలమయ్యేది ఎక్కువగా ఇక్కడే. మన దేశంలో అబ్బాయికైనా, అమ్మాయికైనా డెసిలీటరుకు 12.5 గ్రాములు ఉంటేనే రక్తం తీసుకుంటారు. మా అమ్మాయిలలో చాలామంది ఆ గీత కింద ఉంటారు. ఒక ఏడు మేము రక్తం ఇచ్చినవారి ఫొటోలతో గోడ నింపి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాము. వెనక్కి వెళ్లినవారు ఆ గోడ ముందు నుంచే ఇంటికి పోయారు. మరుసటి ఏడు అమ్మాయిల నమోదులు దాదాపు సగానికి పడిపోయాయి. అది మా తప్పే. ఇప్పుడు పోస్టులో ముందే ఇలా రాస్తాము: "వైద్యులు ఈసారి వద్దంటే అది మీ ఆరోగ్యం కోసమే. మీ హీమోగ్లోబిన్ ఎంతో చీటీ మీద రాసి మీకే ఇస్తారు, దానితో ఆసుపత్రిలో చూపించుకోండి." ఫొటో గోడ తీసేశాము. వచ్చిన ప్రతి ఒక్కరికీ ఒకే రకం రిబ్బను ఇస్తాము, ఎవరు ఇచ్చారో ఎవరు ఇవ్వలేదో బయటివారికి తెలియదు. అన్నట్టు, మూడు వారాలు తోటకూర, బెల్లం తింటే హీమోగ్లోబిన్ పెరిగిపోతుందని పోస్టులు పెట్టకండి. అంత త్వరగా పెరగదు, నమ్మి వచ్చిన అమ్మాయి మరింత నిరాశపడుతుంది.

మూడవ వారం సోమవారం నమోదు తెరవండి. గూగుల్ ఫారంలో పేరు, సెక్షన్, 18 ఏళ్లు నిండాయా, 45 కిలోలు ఉన్నారా, ఏ సమయానికి వస్తారు, ఈ సంగతి ఎక్కడ చూసి తెలుసుకున్నారు అనే ఆరు ప్రశ్నలు చాలు. జబ్బులు, మందులు, ఇతర వ్యక్తిగత విషయాలు అడగవద్దు. అవి శిబిరంలో వైద్యుడు చాటుగా అడిగే ప్రశ్నలు, ఒక విద్యార్థి స్ప్రెడ్‌షీట్‌లో ఉండవలసినవి కావు. ఆ షీటును ఇద్దరు మాత్రమే చూడాలి. సమయాలను అరగంట చొప్పున విడగొట్టండి. పది నుంచి మూడు వరకు ఐదు గంటలంటే పది విడతలు, 180 నమోదులకు విడతకు 18 పేర్లు. ఒక విడత నిండగానే గూగుల్ ఫారం దానంతట అది మూసుకోదు, మీరే ఆ ఎంపికను తొలగించాలి. ఏ విడత ఎంత నిండిందో చూడడానికి, సమయం F నిలువు వరుసలో ఉంటే, ఆ వరుసకు బయట ఒక ఖాళీ గడిలో ఇది రాయండి:

```
=COUNTIF(F:F,"10:00-10:30")
```

విడతల కేటాయింపులో ఒక స్థానిక సంగతి గుర్తుంచుకోండి. ఉదయం ఆరున్నరకే పల్లెలో బస్సు ఎక్కే పిల్లలు చాలామంది టిఫిన్ తినకుండానే బయలుదేరి, డబ్బా తెచ్చుకుని మధ్యాహ్నం తింటారు. వారిని పదింటి విడతలో వేస్తే ఖాళీ కడుపుతో వస్తారు. వారికి రెండు గంటల విడతలు ఉంచండి, లేదా క్యాంటీన్‌లో ఉదయం ఇడ్లీ ఏర్పాటు చేసి ఆ మాట సందేశంలోనే రాయండి. మా శిబిరంలో తినకుండా వచ్చి వెనక్కి వెళ్లినవారి సంఖ్య తగ్గింది దీనివల్లనే.

ఇదే వారం మరొక సందేశం తప్పకుండా వెళ్లాలి. హాజరు వేస్తామనీ, ఇంటర్నల్ మార్కులు కలుపుతామనీ ఎవరు ఉత్సాహపడినా ఒప్పుకోకండి. ప్రతిఫలం ఉన్నచోట పిల్లలు ఆరోగ్య ప్రశ్నలకు నిజం చెప్పరు. రక్తాన్ని హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, మలేరియాల కోసం పరీక్షిస్తారు, నిజమే. అయితే ఇన్‌ఫెక్షన్ సోకిన తొలి రోజులలో పరీక్షకు దొరకకపోవచ్చు, అందుకే దాత చెప్పే నిజం కూడా ఒక పరీక్షతో సమానం. "ఉచితంగా పరీక్షలు చేస్తారు, రండి" అని కూడా రాయకండి. పరీక్ష కావలసినవారికి ప్రభుత్వ ఆసుపత్రిలో గోప్యంగా చేసే కేంద్రం ఉందని చెప్పండి.

నాలుగవ వారంలో కొత్త సంగతులు వద్దు, గుర్తుచేయడమే పని. మూడు రోజుల ముందు ఒకసారి, ముందు రోజు రాత్రి ఎనిమిదింటికి ఒకసారి, ఆ ఉదయం ఏడింటికి ఒకసారి, గ్రూపులో కాకుండా విడివిడిగా పంపండి. ఒక్కో వాలంటీరుకు పదిహేను పేర్లు ఇస్తే ఇది కష్టం కాదు. మేము ముందు రోజు రాత్రి పంపేది ఇలా ఉంటుంది: "రేపు 11.30కు మీ సమయం. రాత్రి బాగా నిద్రపోండి. ఉదయం టిఫిన్ తప్పకుండా తినండి. వచ్చేముందు అర లీటరు నీళ్లు తాగండి. కళాశాల గుర్తింపు కార్డు తెచ్చుకోండి. రాలేకపోతే ఈ సందేశానికి 'రాలేను' అని రాయండి చాలు, మీ స్థానం మరొకరికి ఇస్తాము." చివరి వాక్యం చిన్నదే కానీ దానివల్ల ఖాళీ అయ్యే విడతలు ముందే తెలుస్తాయి, వేచి ఉన్నవారిని పిలవవచ్చు.

శిబిరం రోజున ఇన్‌స్టాగ్రామ్ లైవ్ పెట్టకండి, మంచాల దగ్గర ఫోన్లు అనుమతించకండి. ఎవరైనా కళ్లు తిరిగి పడితే, ఆ మాట బయటకు పాకకముందే, గంటలోపు అవే సెక్షన్ గ్రూపులలో ఆ సెక్షన్ సీఆర్ జరిగింది జరిగినట్టు రాయాలి: ఫలానా విడతలో ఒకరికి కళ్లు తిరిగాయి, వైద్యులు చూశారు, ఇప్పుడు కూర్చుని ఉన్నారు. పేరు వద్దు. దాచిపెడితే పుట్టే కథలే తరువాత ఏడాదికి అడ్డం పడతాయి.

కొలమానాలకు నేను నాలుగే చూస్తాను. ఏ సెక్షన్ నుంచి, ఏ వేదిక ద్వారా ఎన్ని నమోదులు వచ్చాయి. నమోదైనవారిలో ఏ విడతకు ఎంతమంది హాజరయ్యారు. వెనక్కి వెళ్లినవారు ఎందుకు వెళ్లారు, ఈ లెక్క రక్తకేంద్రం నుంచి పేర్లు లేకుండా కారణాలవారీగా మాత్రమే తీసుకోవాలి. ఇచ్చినవారిలో ఎంతమంది ఇంతకుముందు కూడా ఇచ్చారు. లైకులు, రీచ్ రాసుకోవచ్చు గానీ వాటిని చూసి ఏ నిర్ణయమూ తీసుకోకండి. ఈ అంకెలు ప్రచారం నడుస్తుండగానే పనికిరావాలి. ఉదాహరణకు మూడవ వారం శుక్రవారం నాటికి 180లో 90 దాటకపోతే ఇంకో రీల్ తీయడానికి కూర్చోకండి, ఏ సెక్షన్ నుంచి సున్నా ఉందో చూడండి. మొన్న మా బీకాం రెండవ సంవత్సరం నుంచి ఒక్క పేరూ రాలేదు. కనుక్కుంటే ఆ సీఆర్ వారం రోజులుగా జ్వరంతో ఇంట్లో ఉన్నాడు. మరొకరికి బాధ్యత ఇచ్చాక రెండు రోజులలో 14 పేర్లు వచ్చాయి. హాజరు బాగుండి వెనక్కి వెళ్లినవారు ఎక్కువైతే తప్పు రెండవ వారపు పోస్టులలో ఉంది. నమోదు బాగుండి హాజరు తగ్గితే తప్పు నాలుగవ వారపు గుర్తుచేతలో ఉంది. నిరుడు మీకు వచ్చిన లైకులు ఈ రెండింటిలో దేనినీ మీకు చెప్పలేకపోయాయి.

శిబిరం అయిన రెండవ రోజు, ఎన్ని యూనిట్లు అందజేశామో ఒక్క పోస్టు పెట్టండి. దాతల రక్తవర్గాలు, ఫోన్ నంబర్లు కలిపి జాబితాగా గ్రూపులలో పెట్టవద్దు. ఒకసారి బయటకు వెళ్లిన నంబరుకు ఏళ్ల తరబడి అర్ధరాత్రి ఫోన్లు వస్తాయి. అత్యవసరంగా రక్తం కావాలని ఎవరైనా అడిగితే, ఏ కేంద్రంలో ఏ వర్గం నిలువ ఉందో చూపే ఈ-రక్త్ కోశ్ వెబ్‌సైట్‌ను చూడమని చెప్పండి. తరువాత మీ షీటులో ఒక నిలువు వరుస చేర్చి ప్రతి దాత మళ్లీ ఇవ్వగలిగే తేదీ రాసుకోండి. సెప్టెంబర్ 17న ఇచ్చిన అబ్బాయికి అది డిసెంబర్ 16, అమ్మాయికి జనవరి 15. ఆ అమ్మాయిలకు సంక్రాంతి సెలవులు ముగిశాక సందేశం పంపండి, పండగలో ఎవరూ చూడరు. మూడవ సంవత్సరం వారికి మాత్రం ఏప్రిల్‌లోపు ఇంకొకసారి రాయడం మరవకండి, ఎందుకంటే వేసవిలో కళాశాలలు మూసినప్పుడే రక్తకేంద్రాలలో నిలువలు అడుగంటుతాయి, అప్పటికి వారి నంబర్లు మీ సెక్షన్ గ్రూపులలో ఉండవు.